కొత్త బ్రాంచికి పాత సారే వస్తారా?

జూన్ మొదటి వారంలో పొద్దున్నే పేపరు విప్పితే కరపత్రాలు జారి ఒళ్లో పడతాయి. వాటిలో సగం ట్యూషన్ సెంటర్లవే. అవే మాటలు మధ్యాహ్నానికి వాట్సాప్ స్టేటస్‌లోకి, సాయంత్రానికి ఇన్‌స్టాగ్రామ్ ఫొటో కిందికి చేరతాయి. ఊరు పెరుగుతున్న చోట ఈ సందడి ఇంకా ఎక్కువ. పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లలో అపార్ట్‌మెంట్లు లేచాయి, అద్దెకు దిగినవాళ్లకు బడి ఈడు పిల్లలున్నారు. పాత బజారులో పేరు తెచ్చుకున్న సెంటరు అక్కడ రెండో బ్రాంచి తెరవాలనుకోవడం సహజమే. గది దొరుకుతుంది, బల్లలు వస్తాయి, ఫ్లెక్సీ కట్టేస్తారు. ఆఖర్న ఫోనులో పెట్టడానికి నాలుగు వాక్యాల క్యాప్షన్ కావాలి. ఆ నాలుగు వాక్యాలను ఎవరో ఒకరు పది నిమిషాల్లో రాసి పడేస్తారు.

చిన్న ఊళ్ల వ్యాపారాలకు ప్రకటనలు రాయడం నా పని. ట్యూషన్ సెంటర్ల వాళ్లు వచ్చినప్పుడు రాయడం మొదలుపెట్టే ముందు వాళ్లను ఒకటి అడుగుతాను: "ఇప్పటిదాకా మీకు ఫోన్ చేసిన తల్లిదండ్రులు ముందుగా ఏం అడిగారండీ?" జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే. "సార్, అక్కడ చెప్పే లెక్కల సారే ఇక్కడికీ వస్తారాండీ?" ఫీజు, టైము, దూరం అన్నీ దీని తర్వాతే. కొత్త బ్రాంచి ప్రకటనలో సాధారణంగా కనిపించనిది కూడా ఈ ప్రశ్నకు జవాబే.

ఎందుకు అడుగుతారో ఆలోచిస్తే తెలుస్తుంది. ట్యూషన్ సెంటరుకు పేరు వచ్చేది బోర్డు వల్ల కాదు. ఒక సారు త్రికోణమితి చెబితే వెనక బెంచీ పిల్లాడికి కూడా అర్థమైంది, ఆ సంగతి వాళ్లమ్మ పక్కింటావిడకు చెప్పింది. పేరు అలా వచ్చింది, దాన్ని మోస్తున్నదీ ఆ మనిషే. రెండో బ్రాంచి అంటే ఆ పేరును రెండు కిలోమీటర్ల అవతలికి తీసుకెళ్లడం. మనిషి వెళ్తున్నాడా, పేరు మాత్రమే వెళ్తోందా అన్నదే తల్లిదండ్రుల అనుమానం.

ఒక ఊరు పెట్టుకుని చూద్దాం. విజయవాడకూ గుంటూరుకూ మధ్య మంగళగిరి ఉంది. పానకాల నరసింహస్వామి కొండ, గాలి గోపురం, చేనేత మగ్గాలు దాని పాత ముఖం. ఎయిమ్స్ ఆసుపత్రి, కొత్త అపార్ట్‌మెంట్లు కొత్త ముఖం. మంగళగిరి, తాడేపల్లి మున్సిపాలిటీలనూ చుట్టుపక్కల గ్రామాలనూ కలిపి 2021లో నగరపాలక సంస్థ చేశారు. గాలి గోపురం దగ్గరి వీధుల్లో తొమ్మిది, పది తరగతుల వాళ్లకు లెక్కలు, సైన్సు చెప్పే ఒక సెంటరు ఉందనుకుందాం. ఒక సారు, ఒక మేడం నడుపుతున్నారు. ఇప్పుడు నవులూరు వైపు మేడ మీద ఒక గది తీసుకున్నారు. సెంటరు నేను ఊహించినదే, లెక్కలు మాత్రం ఇలాంటి చోట్ల నిజంగా వేసుకోవలసినవే.

క్యాప్షన్ రాయడానికి ముందు టైంటేబుల్ రాయాలి. పాత సెంటరులో తొమ్మిదో తరగతి బ్యాచి 5:30 నుంచి 6:50 వరకు, పదో తరగతి బ్యాచి 7:00 నుంచి 8:20 వరకు. ఒక్కో బ్యాచిలో సారు 40 నిమిషాలు, మేడం 40 నిమిషాలు. వారానికి ఆరు రోజులు. అంటే ఏ పిల్లాడికైనా లెక్కలు వారానికి 240 నిమిషాలు, సైన్సు 240 నిమిషాలు. కొత్త బ్రాంచి తెరిచాక ఇద్దరు మనుషులతో రెండు చోట్లా ఇదే ఎలా నడపాలి? ఒకే సాయంత్రం ఇటూ అటూ బండి మీద తిరగడం మొదటి వారం బాగానే ఉంటుంది. వానాకాలం మొదలయ్యాక ప్రతి క్లాసూ పది నిమిషాలు ఆలస్యమవుతుంది. దానికంటే రోజులు పంచుకోవడం మేలు. సోమ, బుధ, శుక్రవారాలు సారు కొత్త బ్రాంచిలో, మేడం పాత బ్రాంచిలో. మంగళ, గురు, శనివారాలు అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు. సారు ఎక్కడ ఉంటే అక్కడ ఆ రోజు 80 నిమిషాలూ లెక్కలే. మూడు ఎనభైలు 240. పిల్లలకు దక్కే సమయం ఒక్క నిమిషం కూడా తగ్గలేదు, రోజులు మాత్రం మారాయి.

ఈ కాగితం చేతికొచ్చాక క్యాప్షన్ సగం రాసినట్టే. కాగితం లేకుండా "అనుభవజ్ఞులైన అధ్యాపక బృందం" అని రాస్తే చదివినవాళ్లకు ఏమీ తెలియదు. నిజానికి కొంచెం భయం కూడా పుడుతుంది, బృందం అన్నారంటే పాత సారు రారేమోనని.

ఇదే టైంటేబుల్ ఇంకో విషయం బయటపెడుతుంది. సారు ఇంతకుముందు సాయంత్రానికి 80 నిమిషాలు నిలబడి చెప్పేవారు, ఇప్పుడు 160 నిమిషాలు చెప్పాలి. కొత్త బ్రాంచిలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. జూన్, జూలై ఉత్సాహంగా గడుస్తాయి. ఆగస్టుకు గొంతు పోతుంది, ఓ జ్వరం వస్తుంది, ఇంట్లో పెళ్లి పడుతుంది. ఆ రోజు డిగ్రీ చదివే కుర్రాడెవరినో పంపి "ఎక్సర్‌సైజు చేయించు" అంటారు. అది రెండుసార్లు జరిగితే మాట మొత్తం ఊరికి తెలుస్తుంది. అందుకే సారు రాలేని రోజు ఏం చేస్తారో కూడా క్యాప్షన్‌లోనే చెప్పమంటాను. ఆ ఒక్క వాక్యం రాయాలంటే నడిపేవాళ్లు ముందుగా కూర్చుని నిర్ణయం తీసుకోవాలి. రాయలేకపోతే బ్రాంచి ఇంకా సిద్ధం కాలేదని అర్థం.

ఇప్పుడు సాధారణంగా వచ్చే చిత్తుప్రతి ఎలా ఉంటుందో చూద్దాం. నా దగ్గరకు వచ్చిన చాలావాటి పోలికలు ఇందులో ఉన్నాయి.

"సంచలనం! విద్యారంగంలో అగ్రగామి, ర్యాంకుల గని, మీ అభిమాన విద్యాసంస్థ ఇప్పుడు మీ చెంతకు! 100 శాతం గ్యారంటీ ఫలితాలు! నిష్ణాతులైన అధ్యాపకులు! ఏసీ తరగతి గదులు! సీట్లు పరిమితం! త్వరపడండి! ప్రారంభోత్సవానికి ముఖ్య అతిథిగా..."

ఆ తర్వాత నాలుగు పేర్లు, నాలుగు పదవులు. ఫొటోలో పైన అతిథుల బొమ్మలు, కింద పోయిన ఏడాది మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లల బొమ్మలు.

ఇందులో మొదటి చిక్కు ఆ గ్యారంటీ. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో కోచింగ్ సెంటర్ల నియంత్రణకు మార్గదర్శకాలు ఇచ్చింది. ర్యాంకులకు, మంచి మార్కులకు హామీ ఇవ్వకూడదని అందులో ఉంది. అదే ఏడాది నవంబరు 13న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ ప్రకటనల మీదే విడిగా మార్గదర్శకాలు విడుదల చేసింది. ఎంపిక గ్యారంటీ అనే మాటలే కాక, లేని తొందర పుట్టించే "కొద్ది సీట్లే మిగిలాయి" తరహా మాటలు కూడా వాటి ప్రకారం తప్పుదోవ పట్టించేవే. ఈ రెండు మార్గదర్శకాల్లోనూ కోచింగ్ సెంటరు అంటే 50 మందికి మించి విద్యార్థులు ఉన్నది. మన కొత్త బ్రాంచిలో ఇరవయ్యేసి మంది చొప్పున రెండు బ్యాచిలు, అంటే 40 మంది. కానీ అంతమాత్రాన ఏదైనా రాసుకోవచ్చని కాదు. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం చిన్నా పెద్దా అందరికీ వర్తిస్తుంది. మొదటిసారికే జరిమానా 10 లక్షల రూపాయల వరకు వేసే అధికారం ఆ సంస్థకు ఉంది.

50 దాటే ఆలోచన ఉన్నవాళ్లు ప్రకటన వేయకముందే ఇంకో సంగతి తెలుసుకోవాలి. విద్యాశాఖ మార్గదర్శకాల ప్రకారం ప్రతి బ్రాంచినీ విడి సెంటరుగానే లెక్కిస్తారు, రిజిస్ట్రేషను విడిగా చేయించాలి. పదహారేళ్లలోపు పిల్లల్ని చేర్చుకోకూడదని కూడా వాటిలో ఉంది. తొమ్మిది, పది తరగతుల పిల్లలందరూ దాదాపు ఆ వయసులోపే ఉంటారు. వీటిని అమలు చేయవలసింది రాష్ట్రాలు. కాబట్టి పెద్దగా మొదలుపెట్టాలనుకునేవాళ్లు మండల విద్యాధికారి కార్యాలయానికి వెళ్లి అడిగి, ఆ తర్వాతే ఫ్లెక్సీకి అడ్వాన్సు ఇవ్వడం మంచిది.

రెండో చిక్కు పిల్లల ఫొటోలు. మార్గదర్శకాల ప్రకారం ఫలితం వచ్చిన తర్వాత తీసుకున్న రాతపూర్వక అనుమతి లేకుండా విద్యార్థి పేరు గానీ ఫొటో గానీ వాడకూడదు. చేరేటప్పుడు ఫారం మీద చిన్న అక్షరాల్లో పెట్టించుకున్న సంతకం చాలదు. పదో తరగతి పిల్లలకు పద్దెనిమిది నిండవు గనుక సంతకం తల్లిదండ్రులది కావాలి. ఆ విద్యార్థి ఏ కోర్సు, ఎంత కాలం చదివాడో కూడా ఫొటో పక్కనే చెప్పాలి. ఈ నియమం న్యాయమైనదని నా అభిప్రాయం. పరీక్షకు ముందు నెల రోజులు రివిజనుకు వచ్చిన పిల్లను ఏడాదంతా తామే చదివించినట్టు చూపిస్తే, బడిలో ఏడాదంతా చెప్పిన టీచరుకు ఏం మిగులుతుంది? అయినా కొత్త బ్రాంచి విషయంలో ఆ ఫొటోలతో పనే లేదు. ఆ మార్కులు పాత బ్రాంచివి. కొత్త బ్రాంచిలో ఇంకా ఒక్కరూ పరీక్ష రాయలేదు, ఆ మాట అలాగే ఒప్పుకుని సారు వస్తున్నారని చెప్పడమే ఎక్కువ పని చేస్తుంది.

ఇంకో జాగ్రత్త. "ఫలానా హైస్కూలు టీచరు గారిచే బోధన" అని గొప్పగా వేసేవాళ్లున్నారు. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 28వ సెక్షను ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదంటుంది. ఆ వాక్యం వేస్తే ఆ టీచరుకే ముప్పు తెచ్చినవాళ్లవుతారు. చెప్పేవాళ్ల చదువు, ఎన్నేళ్ల నుంచి చెబుతున్నారో రాస్తే చాలు.

సీట్లు పరిమితం అన్న మాటను కూడా నిజం చేయవచ్చు, దానికి టేపు కావాలి. కొత్త గది 14 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు అనుకుందాం, అంటే 280 చదరపు అడుగులు. బోర్డు ముందు సారు నడవడానికి నాలుగు అడుగులు వదిలేస్తే 56 పోయి 224 మిగులుతాయి. విద్యార్థికి కనీసం ఒక చదరపు మీటరు ఉండాలని విద్యాశాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయి, అది 10.76 చదరపు అడుగులు. 224ను దానితో భాగిస్తే ఇరవై చిల్లర. కాబట్టి బ్యాచికి 20 మంది. "సీట్లు పరిమితం, త్వరపడండి" అనే బదులు "గదిలో 20 బల్లలే ఉన్నాయి, బ్యాచికి 20 మందే" అంటే తొందరపెట్టినట్టు ఉండదు, పిల్లాడు ఇరుక్కుని కూర్చోడని తల్లికి అర్థమవుతుంది. ఇరవై ఒకటో పిల్లాడిని చేర్చుకున్న రోజు ఆ వాక్యం అబద్ధమైపోతుందని నడిపేవాళ్లు గుర్తుంచుకోవాలి.

ఇక రాద్దాం. వాట్సాప్‌లో పొడవైన మెసేజ్ మధ్యలో ముడుచుకుపోతుంది, ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో కింద మొదటి ఒకటి రెండు వరుసలే కనిపిస్తాయి. ఇన్‌స్టాగ్రామ్ 2,200 అక్షరాల దాకా రాయనిస్తుంది గానీ, కింద నొక్కి మిగతాది చదివేవాళ్లు తక్కువ. కాబట్టి ఎవరు, ఎక్కడ, ఎప్పటి నుంచి అన్న మూడూ మొదటి రెండు వాక్యాల్లోనే రావాలి. స్వాగత వచనాలకు అక్కడ చోటు లేదు. మన సెంటరుకు నేనైతే ఇలా రాస్తాను.

"గాలి గోపురం దగ్గర లెక్కలు చెప్పే సారే, సైన్సు చెప్పే మేడమే ఇకమీద నవులూరు వైపు కూడా. తొమ్మిది, పది తరగతులకు క్లాసులు జూన్ 22 సోమవారం మొదలు.

సోమ, బుధ, శుక్ర లెక్కలు. మంగళ, గురు, శని సైన్సు. తొమ్మిదో తరగతి 5:30 నుంచి 6:50, పదో తరగతి 7:00 నుంచి 8:20. ఆదివారం సెలవు. సారు గానీ మేడం గానీ రాలేకపోతే ముందే మెసేజ్ పెడతాం, ఆ క్లాసు అదే నెలలో తిరిగి పెడతాం.

బ్యాచికి 20 మంది. నెలకు 1,500 రూపాయలు, రెండు సబ్జెక్టులకూ కలిపి. అడ్మిషన్ ఫీజు లేదు. మధ్యలో మానేస్తే మిగిలిన రోజుల డబ్బు పది రోజుల్లో వెనక్కి ఇస్తాం.

క్లాసు అయ్యాక మీరు వచ్చేవరకు పిల్లలతో మేం కిందే ఉంటాం. మొదటి మూడు రోజులు ఫీజు లేకుండా కూర్చోవచ్చు, మీరూ వచ్చి చూడవచ్చు."

దీని కింద చిరునామా, పక్కన అందరికీ తెలిసిన గుర్తు ఒకటి, మ్యాప్ లింకు, సాయంత్రం కాకుండా పగలు ఎత్తే ఒక ఫోన్ నంబరు. రెండు నంబర్లిస్తే ఒకటి ఎప్పుడూ స్విచ్ ఆఫ్‌లో ఉంటుంది. మ్యాప్ లింకు నొక్కితే పాత సెంటరుకు తీసుకెళ్లడం తరచుగా జరిగే పొరపాటు. కొత్త చోటుకు మ్యాప్‌లో విడిగా గుర్తు పెట్టించాలి. ఊరికి కొత్తయిన వ్యక్తి ఒకరికి ఆ లింకు పంపి, దాన్ని పట్టుకుని గది దాకా రమ్మంటే సరిగ్గా ఉందో లేదో తేలిపోతుంది.

ఇందులో పిల్లల్ని ఇంటికి పంపే వాక్యం చిన్నదే గానీ దాని బరువు ఎక్కువ. కొత్త కాలనీల్లో రోడ్లు ముందు వస్తాయి, వీధి దీపాలు తర్వాత వస్తాయి. పదో తరగతి ఆడపిల్ల రాత్రి 8:20కి మేడ దిగి ఒంటరిగా నిలబడటం ఏ తల్లికీ ఇష్టముండదు. ఎయిమ్స్‌లో పనిచేసే నర్సుకు డ్యూటీ దిగి రావడానికి కాసేపు పట్టవచ్చు. ఆ రోజు ఆ బ్రాంచిలో ఉన్న సారో మేడమో ఆఖరి పిల్ల వెళ్లేదాకా ఉంటారని చెప్పగలిగితే చెప్పాలి. ఇంటికి తొందరగా వెళ్లే అలవాటు ఉంటే ఆ వాక్యం రాయకూడదు.

ఫీజు వెనక్కి ఇచ్చే మాట రాయడానికి చాలామంది జంకుతారు. అది కూడా విద్యాశాఖ మార్గదర్శకాల్లో ఉన్నదే. పూర్తి ఫీజు కట్టి మధ్యలో మానేసినవాళ్లకు మిగిలిన కాలానికి లెక్కకట్టి పది రోజుల్లో తిరిగి ఇవ్వాలి. నెలనెలా కట్టించుకునే చోట వెనక్కి ఇవ్వాల్సింది చాలా తక్కువ. కానీ ఏడాది ఫీజు ఒకేసారి కట్టి, మూడో నెల మానేసి, ఆఫీసు చుట్టూ తిరిగిన అనుభవం ప్రతి ఊళ్లో ఎవరో ఒకరికి ఉంటుంది. వాళ్లు ఈ వాక్యం చదివి ఆగుతారు.

ప్రారంభోత్సవం సంగతి. ఆషాఢంలో కొత్త పని మొదలుపెట్టడానికి చాలామంది ఇష్టపడరు, బడులు తెరిచేదేమో జూన్ రెండో వారంలో. అందుకని పూజ ముందే కానిచ్చి, క్లాసులు తర్వాత మొదలుపెడుతుంటారు. అందులో తప్పేం లేదు. కానీ ప్రకటనలో పూజ తేదీ పెద్దగా, క్లాసుల తేదీ చిన్నగా వేస్తే తల్లిదండ్రులు పూజ రోజునే పుస్తకాల సంచితో పిల్లాడిని పంపుతారు, లేదా ఎప్పుడు పంపాలో తెలియక పక్క సెంటరులో చేర్చేస్తారు. క్యాప్షన్‌లో క్లాసుల తేదీ ఒక్కటే ఉండాలి. అతిథులకు ఆహ్వానపత్రిక విడిగా వేసుకోవచ్చు.

మంగళగిరి లాంటి ఊళ్లో ఒకే క్యాప్షన్ అందరికీ సరిపోదు కూడా. మగ్గం మీద కూర్చున్న తండ్రి ఫోనులో వరుసలకు వరుసలు చదవడు. అదే విషయాన్ని సారు సొంత గొంతుతో అర నిమిషం వాయిస్ మెసేజ్‌గా పెడితే మగ్గం ఆపకుండా వింటాడు. గొంతు గుర్తుపడితే అసలు ప్రశ్నకు జవాబు కూడా అందులోనే దొరుకుతుంది. ఆసుపత్రిలో ఉద్యోగానికి వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లకు తెలుగు రాకపోవచ్చు, వాళ్లుండే అపార్ట్‌మెంట్ గ్రూపుకు ఇంగ్లిషులో విడిగా ఒక మెసేజ్ పంపాలి. రెండు భాషలూ ఒకే మెసేజ్‌లో వాక్యం విడిచి వాక్యం కలిపితే ఎవరూ పూర్తిగా చదవరు.

పిల్లలకు రాసేది మళ్లీ వేరు. ఇన్‌స్టాగ్రామ్ ఖాతాకు పదమూడేళ్లు నిండాలి కాబట్టి అక్కడ చదివేది మన తొమ్మిది, పది తరగతుల వాళ్లే. ఫీజు వాళ్లకు అక్కర్లేదు. ఫ్రెండ్స్ ఎవరు వస్తున్నారు, తెలియదంటే అందరి ముందూ తిడతారా, ఆడుకునే టైము ఉంటుందా అన్నవే వాళ్ల సందేహాలు. "రేపటి టాపర్ నువ్వే" అనే వాక్యం లెక్కల్లో నలభై తెచ్చుకునే పిల్లాడిని దూరంగా నెట్టేస్తుంది, అది తనకు కాదనుకుంటాడు. ట్యూషను ఎక్కువ అవసరమైనది వాడికే. వాడి కోసం నేను ఇలా రాస్తాను.

"లెక్క తప్పు వస్తే జవాబు కొట్టేయం. ఏ మెట్టు దగ్గర తప్పిందో చూపిస్తాం, అక్కడి నుంచి మీరే మళ్లీ చేస్తారు. జూన్ 22 సోమవారం, నవులూరు వైపు కొత్త గది. మీ క్లాసు నోట్సు, పోయిన పరీక్ష పేపరు తెచ్చుకోండి. మార్కులు ఎన్నైనా ఫరవాలేదు. ఆదివారం సెలవు."

దీనికి ఫొటోగా నెట్‌లో దొరికే నవ్వుతున్న విదేశీ పిల్లల బొమ్మ పెట్టవద్దు. నోట్‌బుక్‌లో ఒక పేజీ తీయండి: వర్గ సమీకరణం, మూడో మెట్టులో గుర్తు మారి తప్పు వచ్చిన చోట ఎర్ర పెన్నుతో సున్నా, పక్కన సారు చేతిరాతలో "ఇక్కడ మైనస్ ఎక్కడికి పోయింది?" అన్న ప్రశ్న. పేరు, మొహం కనిపించకపోయినా ఆ పేజీ ఇచ్చిన పిల్లను అడిగి తీసుకోండి. ఆ సెంటరులో ఏం జరుగుతుందో ఇంతకంటే బాగా చూపించే బొమ్మ నాకు తట్టదు.

పాత బ్రాంచి తల్లిదండ్రుల్ని చాలామంది మరిచిపోతారు. కొత్త బ్రాంచి ప్రకటనను అందరికంటే ముందు, అందరికంటే జాగ్రత్తగా చదివేది వాళ్లే. "సారు అటు వెళ్తే మా వాడి సంగతేంటి?" అని ఆ రాత్రే గ్రూపులో మొదలవుతుంది. అందుకే బయట పెట్టడానికి కనీసం రెండు మూడు రోజుల ముందు వాళ్లకు విడిగా చెప్పాలి. ఇంతకుముందు రోజుకు 40 నిమిషాల చొప్పున ఆరు రోజులు, ఇకమీద 80 నిమిషాల చొప్పున మూడు రోజులు, వారానికి నాలుగు గంటలు అలాగే ఉంటాయి అని అంకెలతో చెబితే అర్థం చేసుకుంటారు. ఒకేసారి 80 నిమిషాలు లెక్కలంటే తొమ్మిదో తరగతి పిల్లలకు కొంచెం భారమే. మధ్యలో అయిదు నిమిషాలు లేపి తిప్పాలి, ఆఖరి ఇరవై నిమిషాలు వాళ్ల చేత చేయించాలి. ఆ మాట కూడా పాతవాళ్లతో అనేస్తే మంచిది.

ఇక అచ్చు. క్యాప్షన్ ఫోనులో యూనికోడ్‌లో రాస్తాం. ఫ్లెక్సీ, కరపత్రం చేసే డీటీపీ షాపుల్లో చాలాచోట్ల ఇప్పటికీ అను ఫాంట్లే వాడతారు. మనం పంపిన మెసేజ్ వాటిలోకి నేరుగా దిగకపోతే ఆపరేటరు మళ్లీ టైపు చేస్తాడు. అక్కడే 22 కాస్తా 12 అవుతుంది, 8:20 కాస్తా 8:30 అవుతుంది. ఫోనులో ఒక తేదీ, గోడ మీద ఒక తేదీ ఉంటే తల్లిదండ్రులు రెండూ నమ్మరు. ప్రూఫు చూసేటప్పుడు అక్షరాల కంటే ముందు అంకెల్ని వేలు పెట్టి ఒక్కొక్కటీ చదవాలి, ఫోన్ నంబరుకు అక్కడే కాల్ చేసి చూడాలి.

ఫోనులో పెట్టాక మార్పులకు వెసులుబాటు తక్కువ. ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్ ఎప్పుడైనా దిద్దుకోవచ్చు. వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ను దిద్దడానికి పదిహేను నిమిషాలే గడువు, అప్పటికే ఎవరైనా వేరే గ్రూపుకు పంపి ఉంటే ఆ కాపీ మారదు. స్టేటస్ 24 గంటల్లో పోతుంది కాబట్టి క్లాసులు మొదలయ్యేదాకా రోజూ మళ్లీ పెట్టుకోవాలి. పదో తరగతి బ్యాచిలో ఇరవయ్యో పేరు రాసుకున్న సాయంత్రమే "పదో తరగతి నిండింది, తొమ్మిదిలో ఇంకా ఆరు ఖాళీలున్నాయి" అని ఉన్న అంకెతో కొత్త స్టేటస్ పెట్టాలి. ఆ తర్వాత ఫోన్ చేసినవాళ్ల పేరు, నంబరు ఒక పుస్తకంలో వరుసగా రాసుకుని, ఎవరైనా మానేస్తే ఆ వరుసలోనే పిలవాలి.